పొందూరు ఖద్దరు మీద ఒక శాంపిల్: కంటెంట్ రైటింగ్ ఉద్యోగాల కోసం నా బ్లాగు డైరీ

డిగ్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను, ఊరు శ్రీకాకుళం. కంటెంట్ రైటర్ ఉద్యోగాల ప్రకటనలు చూస్తుంటే దాదాపు అన్నిట్లోనూ ఒకే లైను ఉంటోంది: రెజ్యూమెతో పాటు మీరు రాసినవాటి లింకులు రెండో మూడో పంపండి. ఫైళ్లు కాదు, లింకులు. అందుకే ఈ బ్లాగు. దీన్ని కట్టుకుంటూ పోతున్నప్పుడు ఏ పని ఎలా జరిగిందో రాసి పెట్టుకున్న డైరీ ఇది, నాలాంటి వాళ్లకు పనికొస్తుందని పెడుతున్నాను.

మొదటి ఆదివారం: ఏం పెట్టాలి

కనిపించిన ప్రకటనలన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించి, ఉద్యోగం పేరు పక్కన వాళ్లు నిజంగా చేయించుకునే పని ఏంటో రాశాను. పేర్లు రకరకాలుగా ఉన్నా పనులు మాత్రం మూడు నాలుగే. పాఠకుడికి ఉన్న ఒక సందేహాన్ని తీర్చే వివరణ వ్యాసం, అమ్మే వస్తువుకు వర్ణన, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి మార్చడం, సోషల్ మీడియాకు చిన్న చిన్న క్యాప్షన్లు. కవితలు, అనుభూతి వ్యాసాలు ఎవరూ అడగలేదు. నాకు అవి ఇష్టమే, రాస్తూనే ఉంటాను, కానీ ఈ బ్లాగు వాటి కోసం కాదు.

మా సీనియర్ అక్క ఒకామె హైదరాబాద్‌లో కంటెంట్ ఎడిటర్‌గా చేస్తోంది. ఫోన్ చేస్తే ఒకటే చెప్పింది: "ముప్పై పోస్టులు పెట్టకు. చూసేవాళ్లు ఒక్కదాన్ని తెరుస్తారు, మొదటి రెండు పేరాలు చదువుతారు, నచ్చితే కిందికి వెళ్తారు. ఆ ఒక్కటీ మిగతావాళ్లెవరూ రాయలేనిది అయ్యుండాలి." అలా ఆలోచిస్తే నా చేతికి దగ్గరగా ఉన్నది పొందూరు. మా పెద్దమ్మ వాళ్ల ఊరు అదే, ఇప్పటికీ రాట్నం తిప్పుతుంది. శ్రీకాకుళం నుంచి బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. డిజిటల్ మార్కెటింగ్ అంటే ఏమిటి, ఉదయాన్నే లేస్తే లాభాలేమిటి లాంటి శాంపిళ్లు వాళ్లకు రోజూ వస్తూనే ఉంటాయి. పొందూరు వెళ్లి అడిగి రాసింది మాత్రం నాది ఒక్కదానిదే అవుతుంది.

అయితే "పొందూరు ఖద్దరు" అన్నది అంశం మాత్రమే, అది ప్రశ్న కాదు. వెబ్‌లో చదివేవాడు ఒక ప్రశ్నతో వస్తాడు. పెళ్లికో పండక్కో ఖద్దరు పంచె కొనబోయేవాడి మనసులో ఉండేది ఒకటే: ఇంత ధర పెడుతున్నాం కదా, ఇది అసలు ఖద్దరేనా? శాంపిల్‌కు శీర్షిక అక్కడే దొరికింది: "పొందూరు ఖద్దరు కొంటున్నారా? అసలుదో కాదో ఇలా చూసుకోండి."

తర్వాతి రోజు: బ్లాగు తెరవడం, చిరునామా సంగతి

బ్లాగర్‌లో తెరిచాను. ఉచితం, గూగుల్ అకౌంట్ ఉంటే చాలు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్లాన్ కూడా బాగానే ఉంటుంది. సొంత డొమైన్ ఇప్పుడు కొనడం లేదు, ఎందుకంటే ఏటా రెన్యువల్ కట్టాలి, కట్టకపోతే రెజ్యూమెలో ఇచ్చిన లింకులన్నీ ఒక్కసారే చచ్చిపోతాయి. చిరునామాలో నా పేరే పెట్టాను, మారుపేర్లూ ముద్దుపేర్లూ లేవు.

తెలుగులో రాసేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటి ఇక్కడ ఉంది. బ్లాగర్ పోస్టు చిరునామాను శీర్షికలోని ఇంగ్లీషు అక్షరాలతో తయారుచేస్తుంది. శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే దానికేమీ దొరకదు, అందుకని `blog-post.html` అని పెట్టేస్తుంది, రెండోదానికి `blog-post_12.html` లాంటిది. అలాంటి లింకు రెజ్యూమెలో పెడితే అది దేని గురించో చూసినవాళ్లకు అర్థం కాదు. పోస్టు రాస్తున్నప్పుడు కుడిపక్కన సెట్టింగుల్లో Permalink అని ఉంటుంది, అందులో Custom Permalink ఎంచుకుని మనమే ఇవ్వాలి. నేను ఇచ్చింది:

```
ponduru-khadi-guide.html
```

ఇది పబ్లిష్ నొక్కకముందే చేయాలి. తర్వాత మార్చాలంటే పోస్టును మళ్లీ డ్రాఫ్ట్‌లోకి తేవాలి, ఈలోగా ఎవరికైనా పాత లింకు పంపి ఉంటే అది తెరుచుకోదు. వర్డ్‌ప్రెస్‌లో ఇంకో రకం సమస్య ఉంటుంది. అది తెలుగు శీర్షికను అలాగే చిరునామాలోకి తీసుకుంటుంది, కానీ కాపీ చేసి మెయిల్‌లో పెడితే `%E0%B0` అంటూ రెండు మూడు లైన్ల గుర్తుల వరస వస్తుంది. అక్కడా ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేరు ఇవ్వడమే మేలు.

అదే వారం: కాలేజీ మ్యాగజైన్ వ్యాసాన్ని విప్పడం

ఖద్దరు మీద నేను రాసినది ఒకటి కాలేజీ మ్యాగజైన్‌లో వచ్చింది. సమాచారం కొంత పనికొస్తుందని డీటీపీ షాపులో ఫైల్ అడిగి తెచ్చుకున్నాను. అది అను ఫాంట్స్‌లో టైపు చేసింది. బ్లాగర్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిపోయి వస్తాయి, తెలుగు ఒక్క ముక్క ఉండదు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలు కూర్చినవి, అందుకే ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగులా కనిపిస్తాయి. ఫోన్లకూ గూగుల్‌కూ అర్థమయ్యేది యూనికోడ్ ఒక్కటే. మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, కాకపోతే మార్చాక ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. పేజీ రెండు పేజీలైతే ఫోన్‌లో మళ్లీ టైపు చేసుకోవడమే తొందరగా అయిపోతుంది, నేను అదే చేశాను.

ఆ వ్యాసం ఇలా మొదలవుతుంది:

"భారత స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఖద్దరుకు విశిష్టమైన స్థానం ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు గ్రామం తన నాణ్యమైన ఖద్దరు ద్వారా దేశవ్యాప్తంగా కీర్తి గడించింది."

మ్యాగజైన్‌కు అది సరిపోయింది, చదివేది మన ఊరివాళ్లే, ఆ గౌరవం అక్కడ ఉండాల్సిందే. కానీ పంచె చేతిలో పట్టుకుని కొట్టులో నిలబడ్డవాడికి ఆ రెండు వాక్యాల్లో దొరికేది ఏమీ లేదు. బ్లాగులో అదే చోట ఇప్పుడున్నది:

"మగ్గం మీద నేసినంత మాత్రాన బట్ట ఖద్దరు అయిపోదు. అందులోని నూలు కూడా చేత్తో వడికినదై ఉండాలి. మిల్లు నూలుతో మగ్గం మీద నేస్తే అది చేనేత మాత్రమే. కొట్టులో మీరు తేల్చుకోవాల్సింది ఈ ఒక్క తేడానే."

ఈ తేడా నేను కల్పించింది కాదు. 1956 నాటి ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ చట్టంలో ఖాదీకి నిర్వచనం అదే: మన దేశంలో చేత్తో వడికిన నూలు, పట్టు లేదా ఉన్ని దారంతో మన దేశంలోనే చేనేత మగ్గం మీద నేసిన బట్ట. వ్యాసంలో ఈ చట్టం పేరు రెండో పేరాలోనే పెట్టాను, మిగతా వ్యాసమంతా దాని మీదే నిలబడుతుంది కాబట్టి.

శనివారం: పొందూరులో

పెద్దమ్మ ఇంట్లో పొద్దంతా కూర్చున్నాను. "చేప ఎముకతో నేసిన బట్ట" అని బయట చాలామంది అంటుంటారు. ఎముక వాడే మాట నిజమే, కానీ నేతలో కాదు, నేతకు ఎంతో ముందు. వాలుగ చేప దవడ ఎముక, దాని మీద సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. గింజతో ఉన్న పత్తిని చేతిలో పట్టుకుని ఆ పళ్లతో దువ్వుతారు, చెత్త రాలిపోయి పోగులు ఒక వైపుకు సర్దుకుంటాయి. ఆ తర్వాత చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీతో దొర్లించి గింజ తీస్తారు, విల్లుతో ఏకుతారు, ఏకులు చుడతారు, అప్పుడు రాట్నం దగ్గరికి వస్తుంది. నేను ఎముకను దగ్గరగా ఫొటో తీస్తుంటే పెద్దమ్మ, "ఏటే, ఎముక్కేటి సూస్తావు, దువ్వినాక పత్తి ఎలాగుందో సూడు" అని దువ్వినదీ దువ్వనిదీ రెండూ నా అరచేతిలో పెట్టింది. దువ్వనిది గట్టిగా ఉండలా ఉంది, దువ్వినది ఊదితే లేచిపోయేలా ఉంది. పోస్టులో మొదటి ఫొటో అదే, నా అరచెయ్యి, రెండు రకాల పత్తి. అలాంటి ఫొటో ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఫొటోల విషయంలో రెండు మాటలు. మనుషుల ముఖాలు పెట్టేముందు వాళ్లను అడగాలి, ఎక్కడ పెడతామో చెప్పి మరీ అడగాలి. పెద్దమ్మ చేతులు చాలు, ముఖం వద్దంది, అలాగే చేశాను. గూగుల్‌లో దొరికిన ఫొటోలు ఒక్కటి కూడా వాడకూడదు, పోర్ట్‌ఫోలియోలో అవతలివాళ్ల ఫొటో కనిపిస్తే రాసినదాని మీద కూడా అనుమానం వస్తుంది.

ఆదివారం: ఒక పేరా మీద గొడవ

డ్రాఫ్ట్‌లో అసలు నకిలీ కనిపెట్టే పద్ధతులు మూడు రాశాను. ఖాదీ మార్క్ ట్యాగ్ చూడటం, బట్టను వెలుతురుకు పట్టి చూడటం, ఒక పోగు తీసి కాల్చి చూడటం. అక్కకు పంపితే మూడోదాని పక్కన ఒక ప్రశ్న పెట్టింది: "కాలిస్తే ఏం తెలుస్తుంది, ఎలా తెలుస్తుంది, అది రాయి."

రాయడానికి కూర్చుంటే విషయం తేలిపోయింది. నూలు పోగును కాలిస్తే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. అంటే ఈ పరీక్ష నూలో, సింథటిక్కో చెబుతుంది. కానీ మిల్లు నూలూ నూలే కదా, అది కూడా అచ్చం అలాగే కాలుతుంది. చేత్తో వడికిందా, మిల్లులో వడికిందా అనేది నిప్పుకు తెలియదు. మన పాఠకుడి ప్రశ్నకు ఈ పరీక్ష జవాబే కాదు! అయినా దాన్ని తీసేయకుండా, "ఈ పరీక్ష దేనికి పనికిరాదో" అని వేరే పేరాగా మార్చి ఉంచాను, కొనేవాళ్లు ఎక్కడో ఒకచోట ఆ సలహా వినే ఉంటారు కాబట్టి. నా అభిప్రాయంలో మొత్తం శాంపిల్‌లో బలమైన పేరా ఇదే, రాసేవాళ్లు తాము చెప్పేది సరిచూసుకుంటారా లేదా అన్నది చదివేవాళ్లకు ఇక్కడే కనిపిస్తుంది.

వెలుతురు పరీక్షకూ హద్దు ఉంది, అదీ రాశాను. చేత్తో వడికిన దారం అంతటా ఒకే మందంలో ఉండదు, వెలుగుకు పడితే అక్కడక్కడ కాస్త లావు, కాస్త సన్నం కనిపిస్తుంది. పొందూరులో వంద కౌంట్ దాకా సన్నటి నూలు వడుకుతారు. కౌంట్ అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, అంత సన్నటి బట్టలో ఈ హెచ్చుతగ్గులు పట్టుకోవాలంటే అలవాటున్న కన్ను కావాలి. కాబట్టి మామూలు కొనుగోలుదారుకు ఆధారం ట్యాగే. 2013 ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ఖాదీ అని అమ్మే బట్ట మీద ఆ గుర్తు ఉండాలి. హ్యాండ్‌లూమ్ మార్క్ వేరు, అది మగ్గం మీద నేసిందని మాత్రమే చెబుతుంది, నూలు సంగతి చెప్పదు. కొట్టులో ఈ రెండు గుర్తులూ కలగలిపి చూపించేస్తుంటారని ఒక వాక్యం రాయబోయి ఆపాను, ఎందుకంటే అది నేను చూసి రాసింది కాదు, ఊహ. "రెండు గుర్తులూ వేరు, పేరు చదివి చూసుకోండి" అని మాత్రం ఉంచాను.

వారం మధ్యలో: పేజీ చదవగలిగేలా చేయడం

వర్డ్ నుంచి నేరుగా పేస్ట్ చేస్తే దాని ఫాంటు, సైజు, రంగు అన్నీ వెంట వచ్చేస్తాయి, ఒక పేరా ఒకలా ఇంకో పేరా ఇంకోలా కనిపిస్తుంది. Ctrl+Shift+V తో పేస్ట్ చేస్తే ఉత్త అక్షరాలే వస్తాయి. ఉపశీర్షికలను బోల్డ్ చేసి వదిలేయకుండా మెనూలో Heading ఎంచుకుని పెట్టాను. బోల్డ్ కంటికి శీర్షికలా కనిపిస్తుంది కానీ పేజీ లోపల అది మామూలు పేరానే, ఉద్యోగంలో మొదటి రోజు నుంచీ అడిగేది ఇదే.

తెలుగుకు ఇంకో ఇబ్బంది వరసల మధ్య దూరం. చాలా థీములు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసినవి, తెలుగు ఒత్తులు కింది వరస గుడులకు తగులుతున్నట్టు ఉంటాయి. Theme లో Customize, అక్కడ Advanced, అందులో Add CSS తెరిచి ఇది పెట్టాను:

```css
.post-body {
  font-size: 18px;
  line-height: 1.8;
}
```

నా థీమ్‌లో దీంతోనే సరిపోయింది, "క్ష్మ", "స్త్ర" లాంటివి కూడా ఊపిరి పీల్చుకున్నాయి. మార్పు కనిపించకపోతే ఆ థీమ్‌లో పోస్టుకు వేరే పేరు ఉందన్నమాట.

ఇక సెర్చ్ డిస్క్రిప్షన్. గూగుల్ ఫలితాల్లో శీర్షిక కింద కనిపించే రెండు లైన్లు. బ్లాగర్‌లో ఇది ముందు Settings లోని Meta tags దగ్గర ఆన్ చేయాలి, అప్పుడే పోస్టు పక్కన రాసే గడి వస్తుంది. గడిలో 150 క్యారెక్టర్ల పరిమితి ఉంది, తెలుగులో అది మనం అనుకున్నదానికన్నా చాలా తక్కువ. "పొందూరు" మన కంటికి మూడు అక్షరాలు, కంప్యూటర్ లెక్కలో ఏడు, ఎందుకంటే ఒత్వం, సున్న, ఊత్వం, ఉత్వం అన్నీ వేరువేరుగా లెక్కకొస్తాయి. నేను రాసినది: "చేనేత వేరు, ఖద్దరు వేరు. పొందూరు ఖద్దరు కొనేముందు ఏ గుర్తు చూడాలి, ఏ పరీక్షను నమ్మకూడదో వివరంగా." గూగుల్ దీన్నే చూపిస్తుందన్న హామీ లేదు, పేజీలోంచి వేరే వాక్యం తీసుకోవచ్చు కూడా. కానీ సమీక్ష చేసేవాళ్లు అడిగితే చూపించడానికి ఉంటుంది.

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో బ్లాగును చేర్చి, లింకు పెట్టి ఇండెక్సింగ్ అడిగాను, అంటే ఈ పేజీని గూగుల్ ఫలితాల్లోకి తీసుకోమని. కొత్త బ్లాగులకు అది రోజుల్లో కావచ్చు, వారాలు పట్టొచ్చు. దాని కోసం ఆగడం అనవసరం, ఉద్యోగం ఇచ్చేవాళ్లు గూగుల్‌లో వెతికి రారు, మనం పంపిన లింకు నొక్కి వస్తారు.

మరుసటి వారం: రెండోదీ మూడోదీ

అదే సమాచారం నుంచి వస్తువు వర్ణన ఒకటి రాశాను, ఇది చాలా చిన్నది:

"పొందూరు ఖద్దరు పంచె. చేత్తో వడికిన సన్నటి నూలు, చేనేత మగ్గం మీద నేత. దారంలో అక్కడక్కడ కనిపించే లావు సన్నం చేతి వడుకు గుర్తు, లోపం కాదు. ఎండాకాలం పెళ్లిళ్లకు తేలిగ్గా, చెమట పీల్చేలా ఉంటుంది. మొదటిసారి విడిగా ఉతకండి. ఖాదీ మార్క్ ట్యాగ్‌తో వస్తుంది."

దీని పైన ఒక లైను స్పష్టంగా పెట్టాను: "ఇది నేను సాధన కోసం రాసుకున్న నమూనా, ఏ సంస్థా చేయించింది కాదు." పేరున్న బ్రాండుకు పనిచేసినట్టు కనిపించేలా శాంపిళ్లు పెట్టడం కొందరు చేస్తుంటారు, ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది, పైగా అది అబద్ధం.

మూడోది పెద్ద వ్యాసానికే ఇంగ్లీషు రూపం. వాక్యం వాక్యం మార్చలేదు. తెలుగు పాఠకుడికి ఏకు అంటే తెలుసు, పంచె చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో చదివేది బెంగళూరులోనో ఢిల్లీలోనో ఉన్నవాళ్లు, పొందూరు ఎక్కడుందో కూడా చెప్పాలి. అందుకని వరస మార్చి, ఊరు ఎక్కడుందో ముందు పెట్టి, పత్తి దువ్వే భాగాన్ని పెంచాను. తెలుగు ఉద్యోగాలకు కూడా ఇది పనికొస్తుంది, వాటిలో చాలావాటికి రెండు భాషల మధ్య పని ఉంటుంది.

నా గురించి పేజీలో పేరు, ఊరు, చదువు, రాసే భాషలు, మెయిల్ ఐడీ ఉన్నాయి. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా పెట్టలేదు, అవి రెజ్యూమెలో ఉంటే చాలు.

పంపే రోజు

పంపేముందు ప్రతి లింకునూ తమ్ముడి ఫోన్‌లో, ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూశాను. మన ఫోన్‌లో మనం లాగిన్ అయి ఉంటాం కాబట్టి ప్రివ్యూ లింకు కూడా తెరుచుకుంటుంది, అవతలివాళ్లకు తెరుచుకోదు, ఆ సంగతి మనకు తెలియను కూడా తెలియదు. ఫొటోలు మొబైల్ డేటాలో త్వరగా వస్తున్నాయా అన్నది కూడా అక్కడే తేలింది. ఎముక ఫొటో ఒకటి బరువుగా ఉంటే సైజు తగ్గించి మళ్లీ పెట్టాను.

మెయిల్‌లో బ్లాగు మొదటి పేజీ లింకు ఇవ్వలేదు, వ్యాసాల లింకులే ఇచ్చాను, ఒక్కోదాని ముందు ఒక్కో లైనుతో. తెలుగు కంటెంట్ రైటర్ ఉద్యోగానికి పంపినది ఇలా ఉంది:

"వివరణ వ్యాసం: ఖద్దరు కొనేవాళ్లకు గైడ్. పొందూరులో వడికేవాళ్లతో మాట్లాడి, చట్టంలోని నిర్వచనం చూసి రాసినది. వస్తువు వర్ణన: అదే బట్టకు, ఆన్‌లైన్ అమ్మకం పేజీ కోసం. మూడోది ఇంగ్లీషు రూపం, వేరే పాఠకుల కోసం తిరగరాసినది."

ప్రకటనలో క్యాప్షన్లు అడిగిన ఇంకో చోటికి వస్తువు వర్ణనను ముందు పెట్టి, వ్యాసాన్ని చివరికి జరిపాను. శాంపిళ్లు అవే, వరసే వేరు.

ఒక చోట నుంచి టెస్ట్ వచ్చింది, మిల్లెట్ల మీద పొట్టి వ్యాసం, ఇంగ్లీషు సమాచారం వాళ్లే ఇచ్చారు. అందులో ఒక అంకెకు ఆధారం కనిపించలేదు, వ్యాసంలో వాడకుండా కింద నోట్ రాసి పంపాను. జవాబు రావాలి. ఈలోగా నాలుగో శాంపిల్‌కు పలాస జీడిపప్పు గ్రేడ్ల సంగతి అనుకుంటున్నాను. డబ్బా మీద W240, W320 అని ఉంటుంది కదా, ఆ అంకె పౌనుకు ఎన్ని గుళ్లు వస్తాయో చెబుతుంది, కాబట్టి అంకె చిన్నదైతే పప్పు పెద్దది. కొనేవాళ్లలో చాలామంది దాన్ని తిరగేసి చదువుతారు. వచ్చేవారం పలాసలో ఒక బట్టీ దగ్గరికి వెళ్లి గ్రేడింగ్ చేసే ఆడవాళ్లతో మాట్లాడాలి, వాళ్లు ఒప్పుకుంటే ఫొటోలు కూడా.